కరెంటు పోయిన రాత్రి జనరేటర్ ఎక్కడ పెట్టాలి, పెట్రోల్ ఎప్పుడు పోయాలి

2022లో రంజాన్ ఉపవాసాలు ఏప్రిల్ 3న మొదలయ్యాయి. ఆ నెలలోనే రాష్ట్రంలో కరెంటుకు కటకట వచ్చి, 8వ తేదీ నుంచి పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. పల్లెల్లో, చిన్న ఊళ్లలో రాత్రి కోతలు కూడా తప్పలేదు. ఇఫ్తార్ విందుకో, తరావీహ్ నమాజుకో, మయ్యత్ ఇంట్లో రాత్రంతా కూర్చునేవాళ్ల కోసమో చిన్న పెట్రోల్ జనరేటర్ తెచ్చుకోవడం మన కళ్యాణదుర్గంలోనూ ఉన్నదే. తెచ్చేటప్పుడు అందరూ అడిగేది ఎన్ని ఫ్యాన్లు తిరుగుతాయనే. ఎక్కడ పెట్టాలని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈ సంచికలో ఆ సంగతి రాస్తున్నాం.

మన వీధులు ఇరుకు. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారనో, చప్పుడుకు పక్కింటివాళ్లు ఏమంటారోననో వసారాలోనో మెట్ల కిందో పెట్టేస్తారు. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నల్లటి పొగ కనబడటం లేదు కదా అని ధైర్యపడకూడదు. మన రక్తం ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. అందుకే గాలిలో కొద్దిగా ఉన్నా గంట గంటకూ రక్తంలో పేరుకుంటుంది. తలుపులు, కిటికీలు తెరిచి పెట్టినా సరిపోదు. ఒక్కోసారి ఆ కిటికీ గుండానే పొగ లోపలికి వస్తుంది. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, సైలెన్సర్ మూతి ఇళ్లకు ఎదురు దిక్కుకు తిరిగి ఉండాలి. మన ఇంటికే కాదు, పక్కింటి కిటికీకి కూడా. దొంగల భయం ఉంటే గొలుసు వేసి స్తంభానికి కట్టండి. అంత జాగా లేని ఇంట్లో జనరేటర్ పెట్టకపోవడమే మంచిది.

విషం ఎక్కుతున్నట్టు ఎలా తెలుస్తుంది? ముందు తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేట్టు ఉండటం, కాళ్లలో సత్తువ లేకపోవడం. రంజాన్‌లో ఇక్కడే మోసపోతాం. పొద్దుటి నుంచి చాయ్ లేదు, ఎండకు ఉపవాసం, అందుకే తలనొప్పి అనుకుని పడుకుంటారు. అలా నిద్రలోకి జారినవాళ్లు లేవకపోవచ్చు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గితే అది ఉపవాసం వల్ల కాదు. అందరినీ బయటికి తెచ్చి, జనరేటర్ ఆపించి, 108కి ఫోన్ చేయాలి. జనరేటర్ పొగ అని వాళ్లకు తప్పకుండా చెప్పాలి. కోవిడ్ నాడు కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటర్‌ను ఇక్కడ నమ్మకండి. ఆ వాయువు పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కపెట్టి 98 అని చూపించగలదు. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక పెట్రోల్ సంగతి. తరావీహ్‌లో సగం రకాతులు కాగానే జనరేటర్ గురగురలాడిందనుకుందాం. నమాజు ఆగకూడదని ఒక కుర్రాడు డబ్బా తెచ్చి, ఇంజన్ నడుస్తుండగానే సెల్‌ఫోన్ లైటు వెలుగులో పోస్తాడు. చిన్న జనరేటర్లలో ట్యాంకు ఇంజన్ మీదే ఉంటుంది, పక్కనే కాలిపోతున్న సైలెన్సర్. నాలుగు చుక్కలు దాని మీద పడినా అగ్గిపుల్ల అక్కర్లేదు, ఆ వేడికే అంటుకోవచ్చు. పైగా పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. నేలబారుగా పాకి దూరంలో ఉన్న కొవ్వొత్తిని కూడా చేరుతుంది. మంట అందుకుంటే చేతిలో ఉన్న డబ్బాకే ముందు అంటుకుంటుంది.

దీనికి ఉపాయం మగ్రిబ్‌కు ముందే ఉంది. రెండు మూడు ఫ్యాన్లు, లైట్లు నడిపే చిన్న జనరేటర్ గంటకు సుమారు లీటరు తాగుతుందని లెక్క వేసుకోండి. ఇఫ్తార్ నుంచి తరావీహ్ అయ్యేదాకా నాలుగు గంటలు కావాలంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే నాలుగైదు లీటర్లు పోసి ఉంచాలి. అంచుదాకా నింపకుండా పైన అంగుళం ఖాళీ వదలాలి. మధ్యలో అయిపోతే ఆపి, కనీసం పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి. ఆ పావుగంట నడవడానికే ఇన్వర్టర్ గానీ ఛార్జింగ్ లైటు గానీ. గరాటుతో పోసి, ఒలికింది తుడిచి, డబ్బా మూత బిగించి దూరంగా పెట్టాకే మళ్లీ స్టార్ట్ చేయాలి.

కొవ్వొత్తి వెలిగించక తప్పకపోతే వెడల్పాటి పళ్లెంలో, దుపట్టాలు, పరదాలు, జానమాజ్‌లు తగలని చోట నిలబెట్టి, నిద్రపోయే ముందు ఆర్పేయండి. ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర మాత్రం వద్దు. ఛార్జ్ అయ్యేటప్పుడు దాని నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వకే పేలుతుంది. నీళ్లు పోసేటప్పుడు కూడా టార్చే వాడాలి.

జనరేటర్ వైరును గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్లూ ఉన్నారు. ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురెక్కి, అక్కడ వేల వోల్టులై, సప్లై లేదనుకుని తీగ పట్టుకున్న లైన్‌మన్‌ను చంపగలదు. ఇంటికి కలపాలంటే ఎలక్ట్రీషియన్‌తో ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోవాలి. లేదంటే ఫ్యాను, లైటు వైర్లను నేరుగా జనరేటర్ సాకెట్‌కే పెట్టుకోవాలి.