జవాబు నుంచి ప్రశ్నకు నడిస్తే

ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్‌-1లో 100 బిట్లకు 60 నిమిషాలు. లెక్క వేస్తే ఒక్కో బిట్‌కు 36 సెకన్లు. ప్రశ్న చదవడానికే పది, పదిహేను సెకన్లు పోతే, ఆలోచించడానికి మిగిలేది ఇరవై చిల్లర. ఈ వ్యవధిలో రీజనింగ్ బిట్‌ను మొదటి నుంచి సాధించుకుంటూ రావడం చాలాసార్లు కుదరదు. అయితే ఇందులో ఒక వెసులుబాటు ఉంది. జవాబు ఎక్కడో దాక్కుని లేదు, కళ్ల ముందున్న నాలుగు ఆప్షన్లలోనే ఉంది. వెతకడం కష్టం కానీ సరిచూడటం తేలిక. ఆప్షన్‌ను ప్రశ్నలో పెట్టి చూడటం, కుదరనివాటిని కొట్టేయడం అన్న రెండు పద్ధతులకూ మూలం ఇదే.

గుర్తుల మార్పిడి బిట్ ఒకటి తీసుకుందాం.

24 + 6 ÷ 5 × 3 − 2 = 17

ఏ రెండు గుర్తులను ఒకదాని స్థానంలో మరొకటి పెడితే ఈ సమీకరణం సరిపోతుంది? ఆప్షన్లు: ఎ) + , −  బి) ÷ , ×  సి) + , ÷  డి) × , −

ఇక్కడ ఆప్షన్లను వదిలేసి ఆలోచిస్తే ఎటూ పోలేం. ఒక్కో ఆప్షన్‌నూ పెట్టి చూడాల్సిందే. కానీ నాలుగింటినీ చివరిదాకా లెక్కగట్టే పనీ లేదు. కుడివైపు ఉన్నది 17, అంటే పూర్ణసంఖ్య. ‘డి’ ప్రకారం మార్చినా 6 ÷ 5 అలాగే ఉండిపోతుంది, మొత్తంలో భిన్నం తప్పదు. ‘ఎ’లో మిగిలేది 6 ÷ 5 × 3. అంటే 18ని 5తో భాగించాలి, అది తెగదు. కాబట్టి చివరి విలువ ఎంతో తెలుసుకోకుండానే ‘ఎ’, ‘డి’ రెండూ పోయాయి. ఇక ‘బి’ ప్రకారం 24 + 6 × 5 ÷ 3 − 2. ఇది 24 + 10 − 2, అంటే 32. కుదరలేదు. మిగిలిన ‘సి’ని పెడితే 24 ÷ 6 + 5 × 3 − 2. ఇది 4 + 15 − 2, అంటే 17.

వేగం వచ్చింది ఎక్కడో గమనించండి. పెద్ద లెక్కలోకి దిగకముందే ఒక చిన్న జల్లెడ పట్టాం. భిన్నం వస్తుందా, సరిసంఖ్యా బేసిసంఖ్యా, చివరి అంకె ఎంత, 3తో గానీ 9తో గానీ తెగుతుందా అన్నవి అలాంటి జల్లెడలే. ఒక్కోటి రెండు మూడు సెకన్ల పని. ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. నాలుగో ఆప్షన్‌గా ‘పైవేవీ కావు’ అని ఉంటే, మిగతావి పోయాయి కదా అని చివరిదాన్ని సరిచూడకుండా పెట్టేయకూడదు. అక్కడ ‘సి’ని కూడా పూర్తిగా లెక్కగట్టాల్సిందే.

నేరుగా చేస్తే రెండు వరుసల్లో తేలిపోయే చోట వెనక్కి నడవడం దండగ. మేకలు, కోళ్లు కలిపి తలలు 30, కాళ్లు 84 అన్నారనుకోండి. అన్నీ కోళ్లే అయితే కాళ్లు 60. ఎక్కువున్నవి 24. మేకకు రెండు కాళ్లు అదనం కాబట్టి మేకలు 12. ఇక్కడ ఆప్షన్లు ఒక్కొక్కటే పెట్టి చూసుకుంటూ కూర్చుంటే సమయం మిగలదు సరికదా, ఇంకా ఖర్చవుతుంది. నేరుగా వెళ్లే దారి వెంటనే కనిపించకపోతేనే ఆప్షన్ల వైపు తిరగాలి.

ఇప్పుడు కూర్చునే వరుసల బిట్ చూద్దాం. లక్ష్మి, రవి, సుధ, మోహన్, గీత ఒక బెంచీ మీద ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నారు. గీత ఏదో ఒక చివర ఉంది. సుధకు వెంటనే కుడిపక్కన రవి ఉన్నాడు. మోహన్, లక్ష్మి పక్కపక్కన లేరు. ఎడమ నుంచి కుడికి వారి వరుస ఏది కావచ్చు?

ఎ) గీత, సుధ, రవి, లక్ష్మి, మోహన్
బి) లక్ష్మి, సుధ, రవి, మోహన్, గీత
సి) మోహన్, రవి, సుధ, లక్ష్మి, గీత
డి) సుధ, రవి, గీత, మోహన్, లక్ష్మి

చాలామంది ‘ఎ’ను తీసుకుని మూడు షరతులూ చూసి, మళ్లీ ‘బి’ దగ్గర మొదటి నుంచి మొదలుపెడతారు. షరతులను పదే పదే చదవడంలోనే సగం సమయం పోతుంది. దీన్ని తిరగేయండి. ఒక షరతు పట్టుకుని నాలుగు ఆప్షన్ల మీదా ఒకేసారి కళ్లు పరిగెత్తించండి. గీత చివర ఉండాలి కాబట్టి ‘డి’ పోయింది. సుధకు కుడిపక్కన రవి ఉండాలి కాబట్టి ‘సి’ పోయింది. మోహన్, లక్ష్మి పక్కపక్కన ఉండకూడదు కాబట్టి ‘ఎ’ పోయింది. మిగిలింది ‘బి’. ఒక్కో షరతునూ ఒక్కసారే చదివాం, బొమ్మ గీయలేదు.

ఇదే సమాచారం మీద ప్రశ్నలో ఒక్క మాట మారితే చూడండి. ‘కింది వాటిలో తప్పనిసరిగా నిజమైనది ఏది?’ అని అడిగారు. ఎ) రవి మధ్యలో ఉన్నాడు. బి) సుధ ఎడమ నుంచి రెండో స్థానంలో ఉంది. సి) గీత పక్కన రవి లేడు. డి) లక్ష్మి ఒక చివర ఉంది.

ఇందాక తేలిన వరుసను పెట్టి చూస్తే ‘ఎ’ నిజమే. తొందరలో ఉన్నవారు అక్కడే టిక్ పెట్టి ముందుకు వెళ్తారు, మార్కు పోగొట్టుకుంటారు. ఎందుకంటే ఆ వరుసలో నాలుగు ఆప్షన్లూ నిజమే! ‘కావచ్చు’ అన్నప్పుడు ఒకసారి కుదిరితే చాలు. ‘తప్పనిసరిగా’ అన్నప్పుడు ఎన్నిసార్లు కుదిరిందన్నది కాదు, ఒక్కసారైనా చెడుతుందా అన్నది చూడాలి. షరతులు తప్పకుండా గీతను అటు చివర నుంచి ఇటు చివరకు మార్చండి: గీత, లక్ష్మి, సుధ, రవి, మోహన్. ఈ ఒక్క మార్పుతో రవి మధ్యలో లేడు, సుధ రెండో స్థానంలో లేదు, లక్ష్మి చివర లేదు. మూడు ఆప్షన్లూ ఒక్క దెబ్బకు పోయి ‘సి’ నిలిచింది. అందుకే ఆప్షన్ల జోలికి వెళ్లేముందు ప్రశ్నలో ఆ మాట ఏమిటో చూసుకోవాలి.

సమయం అయిపోతూ, రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోయినప్పుడు పెట్టాలా, వదిలేయాలా? అది నెగెటివ్ మార్కుల మీద ఆధారపడి ఉంటుంది. సీజీఎల్ టైర్‌-1లో ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. అలాంటి బిట్లు 12 ఉన్నాయనుకుందాం. ఏమీ కొట్టేయకుండా గుడ్డిగా పెడితే సగటున 3 ఒప్పు, 9 తప్పు. 6లోంచి 4.5 పోగా మిగిలేది 1.5. ఒక్కో బిట్‌లో ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే అది 4 అవుతుంది, రెండు కొట్టేస్తే 9. సివిల్స్ ప్రిలిమ్స్‌లో తప్పుకు మూడో వంతు కోత కాబట్టి గుడ్డి గురికి సగటున దక్కేది సున్నా. అక్కడ కనీసం ఒక్కటైనా కొట్టేస్తేనే లాభం. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులే లేవు, కాబట్టి బిట్ ఖాళీగా వదిలితేనే నష్టం. ఇవన్నీ సగటు లెక్కలు. కారణం చూపించి కొట్టేసిన ఆప్షన్లకే ఇవి వర్తిస్తాయి. ‘ఇది కాదేమో’ అనిపించి కొట్టేసినవి ఈ లెక్కలోకి రావు.

కంప్యూటర్ పరీక్షలో ఇంకో చిక్కుంది. కాగితం మీద కొట్టేసినట్టు తెర మీద ఆప్షన్‌ను కొట్టేయలేం. ఏది పోయిందో మరిచిపోయి మళ్లీ దాన్నే సరిచూస్తూ ఉంటాం. రఫ్ షీటులో బిట్ నంబరు పక్కన నాలుగు అక్షరాలు రాసుకుని, పోయినవాటిని కొట్టేసుకోవడమే దీనికి మందు. మాక్ టెస్ట్ అయ్యాక ఆ కాగితాన్ని పారేయకండి, కీతో పోల్చండి. మీరు కొట్టేసిన అక్షరాల్లో అసలు జవాబు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. అలా పోయిన ప్రతి చోటా ప్రశ్నను మళ్లీ చదవండి. షరతు తప్పు చదివారో, ‘తప్పనిసరిగా’ అన్న మాట దాటేశారో, కారణం లేకుండా కొట్టేశారో అక్కడే బయటపడుతుంది.