ఛాయాగ్రహణం: బాలు మహేంద్ర

‘శంకరాభరణం’ (1980) నచ్చినవాళ్లు అలాంటిదే ఇంకొకటి చూద్దామని జె.వి.సోమయాజులు సినిమాలు వెతికితే నిరాశ తప్పదు. ఆ తర్వాత ఆయనకు ఎక్కువగా దొరికినవి పెద్దమనిషి పాత్రలు. అవి ఎలాంటి కథలో ఉన్నాయన్నది ఆయన చేతిలో లేదు. విశ్వనాథ్ పేరు పట్టుకోవడం మేలే, కానీ ఆ సినిమాలు మనలో చాలామంది చూసేసే ఉంటారు. అదే టైటిల్స్‌లో ఇంకో పేరు ఉంది: ఛాయాగ్రహణం, బాలు మహేంద్ర.

ఆయన సహజమైన వెలుతురును ఇష్టపడే కెమెరామన్. కిటికీలోంచి వచ్చే వెలుగు ముఖంలో ఒక పక్కే పడితే, రెండో పక్కను నీడలోనే వదిలేస్తాడు. మీకు ‘శంకరాభరణం’లో నచ్చింది పాటలతోపాటు ఆ నెమ్మదీ, ఆ ఇంటి వాతావరణమూ అయితే పట్టుకోవాల్సింది ఈ పేరునే. ముందుగా ఆయన వేరే దర్శకులకు తీసినవి చూడండి. తెలుగులో బాపు ‘మన ఊరి పాండవులు’ (1978) ఉంది. అదే ఏడాది తమిళంలో మహేంద్రన్ తొలి సినిమా ‘ముల్లుమ్ మలరుమ్’ వచ్చింది; అందులో రజనీకాంత్ స్టార్‌లా కాక మొండి అన్నయ్యలా కనిపిస్తాడు. మణిరత్నం మొదటి సినిమా, కన్నడ ‘పల్లవి అనుపల్లవి’ (1983) కూడా ఆయన తీసిందే. నటీనటుల పేర్లు పట్టుకుంటే ఈ మూడూ ఒక వరుసలోకి రావు. ఆ తర్వాత ఆయనే దర్శకత్వం వహించిన ‘వసంత కోకిల’, ‘నిరీక్షణ’లకు వెళ్లవచ్చు. అయితే అక్కడ కథా, నడకా కూడా ఆయనవే కాబట్టి కెమెరా నచ్చినంత మాత్రాన సినిమా నచ్చుతుందని హామీ లేదు.

రచయిత పేరు ఇంత నమ్మకంగా దారి చూపదు. ‘శంకరాభరణం’ మాటలు జంధ్యాలవి. ‘అడవి రాముడు’ (1977) మాటలూ ఆయనవే. ఆ రెంటికీ పోలిక ఎక్కడ? మాటల రచయిత దర్శకుడు అడిగిన స్వరంలో రాస్తాడు. అందుకే ‘మాటలు’ కార్డుకన్నా ‘కథ, స్క్రీన్‌ప్లే’ కార్డు చూడటం మంచిది. జంధ్యాల సొంత గొంతు కావాలంటే ఆయన దర్శకత్వం వహించినవాటిలో వెతకాలి.

సంగీత దర్శకుల సంగతి ఇంకా చిక్కు. ఇళయరాజా సినిమాలు వెయ్యి దాటాయి. ఆ పేరొక్కటే పట్టుకుంటే సముద్రంలో పడ్డట్టే. ఇంకో దర్శకుడి పేరో, కెమెరామన్ పేరో జతచేసి వడకట్టాలి. బాలు మహేంద్ర పేరు జతచేస్తే పైన చెప్పినవాటిలో నాలుగు మిగులుతాయి: ‘ముల్లుమ్ మలరుమ్’, ‘పల్లవి అనుపల్లవి’, ‘వసంత కోకిల’, ‘నిరీక్షణ’. ఈ కాలపు సినిమాల్లో ఇంకో మెలిక కూడా ఉంది. ‘అర్జున్ రెడ్డి’ (2017)లో పాటలు రథన్‌వి, నేపథ్య సంగీతం హర్షవర్ధన్ రామేశ్వర్‌ది. సన్నివేశాల వెనక వినిపించిన సంగీతం నచ్చి రథన్ సినిమాలు వెతికితే మీరు వేరే మనిషి వెంట వెళుతున్నట్టే.