వినిపించే మాట వెతికితే దొరకాలంటే

వరిలో చీడపీడల మీద వ్యవసాయ అధికారి ఒకరు చేలో నిలబడి మాట్లాడిన 9 నిమిషాల వీడియో ఉందనుకుందాం. సుడిదోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుందని ఆయన చూపిస్తారు. చేలో నీళ్లు తీసెయ్యమంటారు. మందును ఆకుల మీద కాకుండా మొదళ్లు తడిసేలా కొట్టమంటారు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలని నాలుగో నిమిషంలో చెబుతారు. వీడియో శీర్షిక మాత్రం ‘వరిలో చీడపీడల నివారణ’. కాలిబాటలు ఎంత ఎడంగా తీయాలని వెతుక్కునే రైతుకు జవాబు అందులోనే ఉంది. కానీ శీర్షికలో కాలిబాట లేదు, సుడిదోమ కూడా లేదు.

సబ్‌టైటిల్ ఫైలు ఇక్కడే పనికొస్తుంది. వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఆసరా అయ్యే ఈ ఫైలు, వీడియోలోని మాటలన్నీ అక్షరాల్లో ఉన్న చోటు కూడా. వెతికే యంత్రాలు పాఠాన్ని ముందుగానే చదివి, ఏ మాట ఏ పత్రంలో ఎక్కడ ఉందో ఒక పట్టిక రాసి పెట్టుకుంటాయి. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదే ఇది. మనం వెతికేటప్పుడు యంత్రం వీడియోలన్నీ తిరగెయ్యదు, ఆ పట్టిక చూస్తుంది. పట్టికలోకి ఎక్కని మాట ఎంత స్పష్టంగా వినిపించినా దొరకదు.

యూట్యూబ్ లాంటి వేదికలు మాటను విని తామే అక్షరాల్లోకి మార్చే ఏర్పాటు కొన్ని భాషలకు ఉంది. అయితే పురుగుల పేర్లు, మందుల పేర్లు, ఊరి నుడికారం వచ్చిన చోటే అది ఎక్కువగా తడబడుతుంది. వెతికేవాళ్లు వెతికేదీ సరిగ్గా ఆ మాటల్నే. అందుకే చేత్తో సరిచూసిన ఫైలు మనమే ఎక్కించడం మంచిది.

ఎక్కువగా వాడుకలో ఉన్నది ఎస్‌ఆర్‌టీ ఫైలు. అది మామూలు పాఠమే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. మన అధికారి కాలిబాట గురించి చెప్పిన చోటు అందులో ఇలా కనిపిస్తుంది:

```
41
00:03:12,400 --> 00:03:16,900
ప్రతి 2 మీటర్లకు
20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలి
```

మొదటిది వరస సంఖ్య. రెండోది మాట తెరమీదికి వచ్చే సమయం, పోయే సమయం. సెకన్ల తర్వాత కామా, దాని వెనక మిల్లీసెకన్లు. ఆ కింద మాట, తర్వాత ఒక ఖాళీ వరస. ఆ ఖాళీ వరస మరిచిపోతే రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, తర్వాతి సంఖ్య, సమయం కూడా తెరమీద మాటలుగా కనిపిస్తాయి. సమయం ఉండడం వల్ల వచ్చే లాభం ఏమిటంటే, మాట దొరికితే అది వినిపించే క్షణం కూడా దొరుకుతుంది. యూట్యూబ్‌లో ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి ‘కాలిబాట’ ఉన్న వరస నొక్కితే వీడియో నేరుగా 3:12 దగ్గరికి వెళుతుంది.

ఇంతవరకు భాషతో సంబంధం లేదు. తెలుగు అసలు చిక్కులు అక్షరాలు కంప్యూటర్లో నిలవ ఉండే తీరు దగ్గర మొదలవుతాయి.

యూనికోడ్‌లో ‘సుడిదోమ’ అంటే ఏడు సంకేతాలు: స, కొమ్ము, డ, గుడి, ద, ఓత్వం, మ. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి మొత్తం 21 బైట్లు. ఫైలు ఈ పద్ధతిలో ఉంటేనే వేదికలు దాన్ని సరిగ్గా చదువుతాయి. తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. రెంటినీ కంటితోనే పోల్చుకోవచ్చు. ఫైలు తెరిచినప్పుడు `à°` `à±` అనే గుర్తులు వరసగా కనిపిస్తే, బైట్లు చెక్కుచెదరలేదు, చదివే ప్రోగ్రాం వాటిని వేరే పద్ధతిగా పొరబడింది. యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ తెరిస్తే తెలుగు తిరిగి వస్తుంది. అలా కాక వరసంతా ప్రశ్నార్థకాలు కనిపిస్తే, భద్రపరిచేటప్పుడు `ANSI` అని ఎంచుకున్నారన్నమాట. అందులో తెలుగుకు చోటు లేదు గనక ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకమే రాసుకుంది. ఇక ఆ ఫైలు నుంచి తెలుగును రాబట్టే దారి లేదు, పాత ప్రతి వెతుక్కోవాల్సిందే.

మూడో రకం ఇంకా మోసకరమైంది. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో టైపు చేసిన పాఠం ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో చక్కటి తెలుగులా కనిపిస్తుంది. లోపల నిలవ ఉన్నవి మాత్రం తెలుగు సంకేతాలు కావు. వెతికే యంత్రానికి ఫాంటుతో పనిలేదు, లోపలి సంకేతాలే అది చదివేది. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. మార్చిన తర్వాత ఒత్తులు, రావత్తులు ఒకసారి కళ్లారా చూసుకోవాలి.

అక్షరాలు సరిగ్గా ఉన్నాక మాటల సంగతి. రైతు ‘పొలం’ అని వెతుకుతాడు. వీడియోలో అధికారి ‘పొలానికి నీళ్లు ఆపెయ్యండి’ అంటారు. మనకు రెండూ ఒకటే, కానీ ‘పొలానికి’ అన్న అక్షరాల వరసలో ‘పొలం’ ఎక్కడా లేదు, సున్న పోయి దీర్ఘం వచ్చింది. విభక్తి చేరితే తెలుగు మాట తోక మాత్రమే పెరగదు, ఒళ్లు కూడా మారుతుంది. ఇంగ్లీషులో మాట చివర్లను కోసి మూలానికి తెచ్చే పద్ధతిని మార్టిన్ పోర్టర్ 1980లోనే ప్రకటించాడు. ఎన్నో వెతుకులాట వ్యవస్థలకు ఆధారమైన లూసీన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో హిందీకి అలాంటి ఏర్పాటు చాలా ముందే వచ్చింది, తెలుగుకు 9వ వెర్షన్‌లో గానీ రాలేదు. అది కూడా కొన్ని ప్రత్యయాలను కోసే స్థాయిదే, అన్ని సంధుల్నీ విడదీయలేదు.

దీనికి తోడు ఖాళీల గొడవ ఉంది. ‘సుడిదోమ’ ఒక మాట, ‘సుడి దోమ’ రెండు మాటలు. పట్టికలో అవి వేరువేరు చోట్ల పడతాయి. ‘ప్లాంట్‌హాపర్’ అని రాసేటప్పుడు టకార పొల్లును విడిగా నిలపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు మధ్యలో పడుతుంది. అది లేకుండా రాస్తే ‘ప్లాంట్హాపర్’ అవుతుంది. పెద్ద వ్యవస్థలు ఇలాంటి తేడాలను కొంతవరకు సర్దుకుంటాయి, చిన్న వెబ్‌సైట్ల వెతుకులాట సర్దుకోదు. కాబట్టి ఫైలంతటా ఒకే రూపం పాటించాలి, రెండో రూపాన్ని వీడియో కింది వివరణలో రాయాలి. ఒక పేరును రెండు ముక్కలకు పంచకూడదు కూడా. 40వ ముక్క ‘సుడి’తో ముగిసి 41వది ‘దోమ’తో మొదలైతే చదివేవాళ్లకూ ఇబ్బందే, వెతికేవాళ్లకూ ఇబ్బందే.

అయితే వెతుకులాట కోసమని ఎవరూ పలకని మాటలు సబ్‌టైటిల్‌లో కూరడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఆ వరసల మీదే ఆధారపడి చూసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు వినిపించని మాటను వినిపించినట్టు చూపడం మోసం.

తెలుగు ఫైలుతో పాటు ఎక్కించే ఇంగ్లీషు అనువాదం ఫైలు విలువ ఇక్కడ తెలుస్తుంది. అది తెలుగు రానివాళ్ల కోసమే కాదు. వ్యవసాయ విద్యార్థి `brown planthopper` అని వెతుకుతాడు, మందుల దుకాణంవాడు `BPH` అంటాడు, దోమపోటుకు చేను మాడిపోవడాన్ని పుస్తకాల్లో `hopperburn` అని చదువుకున్నవాళ్లు ఆ మాటతోనే వస్తారు. కాబట్టి ‘దోమ’ వినిపించిన ప్రతిచోటా అనువాదకుడు `mosquito` అని రాస్తే అర్థం చెడడమే కాదు, ఆ వీడియో దోమకాటు వెతికేవాళ్ల దగ్గరికి చేరుతుంది. అధికారి మాట వరసకు ‘దోమ’ అన్నా వ్యవసాయ శాస్త్రంలో దాన్ని ఏమంటారో అదే ఇంగ్లీషు ఫైల్లో ఉండాలి:

```
57
00:04:05,100 --> 00:04:09,300
Spray the base of the hills, where
the brown planthoppers sit
```

ఇక్కడ `hills` అంటే కొండలు కావు, వరి దుబ్బులు. ఇలాంటి మాటల కోసమే అనువాదాన్ని ఆ రంగం తెలిసినవాళ్లకు ఒకసారి చూపించుకోవాలి. సమయాలు రెండు ఫైళ్లలోనూ ఒకటే కాబట్టి తెలుగు ఫైలుకు నకలు తీసి, మాటలు మాత్రమే మారిస్తే చాలు.

రెండు ఫైళ్లున్నా అందని వాళ్లు మిగిలే ఉంటారు. మనలో చాలామంది `vari lo doma mandu` అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వెతుకుతారు. ఆ వరస తెలుగు ఫైల్లోనూ ఉండదు, ఇంగ్లీషు ఫైల్లోనూ ఉండదు. పెద్ద వెతుకులాట యంత్రాలు దాన్ని తెలుగు లిపికి తిప్పి చూడగలవు గానీ ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి గురి తప్పుతూనే ఉంటుంది. దానికి వివరణలో ఒక వాక్యం రాయడమే మార్గం. ఈ పనికి మూడో సబ్‌టైటిల్ ఫైలు తగదు.

యూట్యూబ్‌లో ఎక్కించడానికి స్టూడియోలో `Subtitles` తెరిచి, ముందు వీడియో భాష తెలుగు అని చెప్పాలి. తర్వాత `Upload file` నొక్కి `With timing` ఎంచుకోవాలి. ఇంగ్లీషుకు `Add language` తో మళ్లీ అదే పని. తెలుగు ఫైలును పొరపాటున ఇంగ్లీషు గడిలో పెడితే తెరమీద తెలుగే కనిపిస్తుంది గనక తప్పు వెంటనే తెలియదు, కానీ యంత్రం ఆ మాటల్ని ఇంగ్లీషు అనుకునే చదవాల్సి వస్తుంది. సొంత వెబ్‌సైట్‌లో వీడియో పెట్టేవాళ్లు ఫైలును జతచేసి ఊరుకోకుండా, ఆ పాఠాన్ని వీడియో కింద పేజీలోనే ఉంచడం నయం. పేజీలోని పాఠాన్ని వెతికే యంత్రాలు మామూలుగా చదువుతాయి, పక్కన విడిగా ఉన్న ఫైలు విషయంలో ఆ మాత్రం భరోసా కూడా లేదు.

ఎక్కించిన మాట నిజంగా పట్టికలోకి వెళ్లిందా? యూట్యూబ్ తన లెక్కల్ని బయటపెట్టదు. శీర్షికలో, వివరణలో లేకుండా సబ్‌టైటిల్‌లో మాత్రమే ఉన్న ఒక అరుదైన మాటల వరసను కొన్నాళ్లయ్యాక, ఖాతాలోంచి బయటికి వచ్చి వెతికి చూడవచ్చు. వీడియో వస్తే చదివినట్టే. రాకపోతే చదవలేదని మాత్రం తేల్చలేం, చదివినా వెనక వరసలో పెట్టి ఉండవచ్చు.

ఈ యంత్రాంగం కళ్లెదుటే జరగడం చూడాలంటే వికీమీడియా కామన్స్ మంచి చోటు. అక్కడ ప్రతి భాషా సబ్‌టైటిల్ ఒక విడి పేజీ:

```
TimedText:Sudidoma.webm.te.srt
TimedText:Sudidoma.webm.en.srt
```

వీడియో పేరు, దాని వెనక భాషా సంకేతం: తెలుగుకు `te`, ఇంగ్లీషుకు `en`. పేజీ కాబట్టి ఎవరైనా తెరిచి అక్షరదోషం దిద్దవచ్చు, ఎవరు ఏది మార్చారో చరిత్ర ఉంటుంది. వెతుకులాటలో `TimedText` విభాగాన్ని ఎంచుకుని మాట కొడితే సబ్‌టైటిళ్ల లోపలి పాఠంలోనే వెతుకుతుంది. ‘పొలం’ అని ఒకసారి, ‘పొలానికి’ అని ఇంకోసారి కొట్టి ఫలితాలు పోల్చి చూస్తే, తెలుగు విభక్తిని ఆ యంత్రం ఎంతవరకు పట్టుకోగలుగుతోందో తేలిపోతుంది.