తప్పు మాత్రమే దిద్దడం

ఇతరుల రాతను దిద్దేవారు మొదటిసారి కలం పట్టకుండా చివరిదాకా చదవాలి. రాసినవారి ఊరు, యాస, మాట తీరు చెవికి ఎక్కాకే ఏది తప్పో, ఏది వారి పలుకుబడో తెలుస్తుంది. రెండోసారి చదువుతూ అనుమానం వచ్చిన చోటల్లా గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత ప్రతి గుర్తు పక్కనా మార్పుకు కారణం ఒక్క వాక్యంలో రాయాలి. ‘ఇలా అంటే ఇంకా బాగుంటుంది’ అన్నదే కారణమైతే ఆ గుర్తు చెరిపేయాలి. అది దిద్దేవారి అభిరుచే తప్ప రాసినవారి పొరపాటు కాదు.

పోచంపల్లి ప్రాంతపు నేత కుటుంబంలో పుట్టిన ఒకామె ఊరి ప్రత్యేక సంచికకు తన బాల్యం గురించి ఇలా రాశారనుకుందాం:

‘మా నాయిన తెల్లారకముందే మగ్గం గుంటల కూసునేటోడు. అమ్మ ఆసు పోసి నాయిన చీర నేసేటోడు. మేము నలుగురం విద్యార్ధులమే. అప్పటి చీరెలు, రంగుల డబ్బాలు ఇంకా ఇంట్ల ఉన్నది. మాకు చదువు చెప్పిన సారుకు కృతఙ్ఞతలు.’

అలవాటైన చెయ్యి ముందుగా ‘కూసునేటోడు’ను ‘కూర్చునేవాడు’గా, ‘ఇంట్ల’ను ‘ఇంట్లో’గా మార్చేస్తుంది. ఈ రెండూ తెలంగాణ మాటలు, తప్పులు కావు. వాటిని మారిస్తే వాక్యం రాసినామెది కాకుండా పోతుంది. ‘ఆసు’ అన్న మాట తెలియనివారు అది అచ్చుతప్పేమో అనుకోవచ్చు. చిటికి చీరలకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ వరసగా తిప్పే పనే ఆసు పోయడం. చింతకింది మల్లేశం తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం పేరులో ఉన్నదీ ఆ మాటే. వృత్తి పదాలు మామూలు నిఘంటువుల్లో తరచు దొరకవు. భద్రిరాజు కృష్ణమూర్తి చేపట్టిన మాండలిక వృత్తి పదకోశంలో చేనేతకు ఒక సంపుటమే ఉంది. అందులో వెతకాలి, లేదా రాసినవారినే అడగాలి. తెలియని మాటను తెలిసిన మాటగా మార్చేయడం దిద్దుబాటులో జరిగే అతి పెద్ద అపచారం.

ఈ భాగంలో నిజమైన తప్పులు నాలుగు. ‘విద్యార్ధులమే’ అన్నచోట థ ఉండాలి. అర్థి అంటే కోరేవాడు, విద్యార్థి విద్యను కోరేవాడు. ధతో రాసే అర్ధం అంటే సగం. ‘కృతఙ్ఞతలు’లో జ ఉండాల్సిన చోట ఙ పడింది. తెరమీద రెండూ ఇంచుమించు ఒకలాగే కనిపిస్తాయి కనుక దీన్ని టైపింగులో దొర్లినదిగానే చెప్పడం మర్యాద. మూడోది క్రియ. చీరెలు, డబ్బాలు బహువచనం, కనుక ‘ఉన్నది’ కుదరదు. అయితే ఇక్కడ ‘ఉన్నాయి’ అని దిద్దితే పక్కనున్న ‘ఇంట్ల’తో పొసగదు, ఆమె యాసలోనే ‘ఉన్నయి’ అనాలి. దిద్దిన మాట కూడా రాసినవారి నోటి మాటలాగే ఉండాలి.

నాలుగోదానికి కాస్త వివరణ కావాలి. ‘పోసి’, ‘తిని’, ‘వెళ్లి’ వంటి రూపాలను వ్యాకరణంలో క్త్వార్థకాలంటారు. ఆ పనీ, తర్వాతి క్రియ చెప్పే పనీ సాధారణంగా ఒకరే చేయాలి. ఇక్కడ ఆసు పోసింది అమ్మ, నేసింది నాయిన. అందుకే ‘అమ్మ ఆసు పోస్తే నాయిన చీర నేసేటోడు’ అనాలి. ఈ సూత్రాన్ని గుడ్డిగా పట్టుకోకూడదు. ‘వాన కురిసి చెరువు నిండింది’లో కర్తలు వేరైనా ఆ వాక్యం నిక్షేపంగా ఉంది, ఒకటి కారణం, రెండోది దాని ఫలితం, రెండూ మనుషులు చేసే పనులు కావు. సందేహం వచ్చినప్పుడు వాక్యాన్ని పైకి చదివితే తేడా చెవికే తెలుస్తుంది.

తప్పో కాదో దిద్దేవారికి తెలియనివీ ఉంటాయి. ఇక్కడ ‘నలుగురం’ అని రాసినామె తర్వాతి పేజీలో ‘మేము ముగ్గురం’ అంటే ఏది సరైనదో ఆమెకే తెలుసు. అక్కడ అంకె మార్చకూడదు, అడగాలి. ‘వెళ్ళు’, ‘వెళ్లు’ వంటివాటిలో రెండూ వాడుకలో ఉన్నాయి కనుక రాసినవారు ఎంచుకున్నదే ఉంచాలి.

వివరణ మార్జిన్‌లో, మార్పు పక్కనే ఉండాలి. ‘ఇది తప్పు’ అని రాస్తే మనిషిని తప్పుపట్టినట్టుంటుంది. ‘అమ్మగారు ఆసు పోశారు, నాన్నగారు నేశారు కదండీ, పని చేసినవారు వేరు కనుక “పోస్తే” అని పెట్టాను. మీకు సమ్మతమేనా?’ అని రాస్తే కారణం తెలుస్తుంది, నిర్ణయం వారి చేతిలోనే ఉంటుంది. ఒకే పొరపాటు పదిచోట్ల ఉంటే మొదటిచోటే వివరించి, మిగతావి ఊరికే సరిచేస్తే చాలు. పదిసార్లు చెబితే చదివేవారు చిన్నబుచ్చుకుంటారు. పాత రూపం కొట్టివేతలో కనిపిస్తూ ఉండాలి. మార్పు వద్దని రాసినవారంటే, అక్షరదోషమైతే నిఘంటువు చూపి మరొక్కసారి అడగవచ్చు. వాక్య నిర్మాణమైతే వారి మాటే ఉంచేసి పేజీని అచ్చుకు పంపాలి.