ముందు కోత, ఏటా తరుగు

2009 జూలై దాకా మన దేశంలో ఏజెంటు ద్వారా ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ కొన్నవాళ్లకు సాధారణంగా ఓ చిన్న షాక్ తప్పేది కాదు. లక్ష రూపాయల చెక్కు ఇచ్చి ఫారం నింపి వస్తే, కొద్ది రోజులకు ఇంటికొచ్చే స్టేట్‌మెంట్‌లో యూనిట్ల విలువ 97,800 దగ్గర్లో ఉండేది. మార్కెట్ ఒక్క పాయింటూ కదలకపోయినా రెండు వేల పైచిలుకు మాయం. అడిగితే ఏజెంటు చెప్పే మాట ఒకటే: ‘ఎంట్రీ లోడ్ సార్, అందరికీ ఉంటుంది.’ ఈక్విటీ ఫండ్లలో అది సాధారణంగా 2.25 శాతం. ఫండ్‌లోకి అడుగు పెట్టేటప్పుడే గుమ్మం దగ్గర కోసుకునే ఆ మొత్తం నుంచే ఏజెంటుకు కమీషన్ వెళ్లేది.

ఆ ఏడాది జూన్ 30న సెబీ ఓ సర్క్యులర్ జారీ చేసింది. ఆగస్టు 1 నుంచి ఎంట్రీ లోడ్ వసూలు చేయకూడదు, ఏజెంటు సేవకు డబ్బు ఇవ్వాలనుకుంటే మదుపరే విడిగా ఇచ్చుకోవాలి అని దాని సారాంశం. అప్పటి సెబీ ఛైర్మన్ సి.బి.భావే మీద పంపిణీదారులు మండిపడ్డారు, మదుపరులు సంతోషించారు. లక్ష ఇస్తే లక్షకూ యూనిట్లు రావడం మొదలైంది.

గుమ్మం దగ్గరి కోత పోయింది కానీ లోపలి తరుగు పోలేదు. దాని పేరు ఎక్స్‌పెన్స్ రేషియో. ఫండ్ మేనేజర్ జీతం, ఆఫీసు ఖర్చులు, రిజిస్ట్రార్ ఫీజు, ప్రకటనలు, రెగ్యులర్ ప్లాన్ అయితే పంపిణీదారు కమీషన్, అన్నీ అందులోనే. దీనికి బిల్లు రాదు, స్టేట్‌మెంట్‌లో విడిగా ఓ వరుస ఉండదు. ఏడాదికి 2 శాతం అంటే దాన్ని 365 ముక్కలు చేసి, రోజుకో ముక్క ఫండ్ ఆస్తుల్లోంచి తీసేశాకే ఆ రోజు ఎన్‌ఏవీ ప్రకటిస్తారు. ఫండ్‌లో ఐదు లక్షలున్న మనిషికి ఆ ముక్క రోజుకు 27 రూపాయలు, అంటే రెండు టీల ఖర్చు. ఆదివారాలూ పండగలూ దానికి సెలవు కాదు. డబ్బు యాభై లక్షలైతే అదే 2 శాతం రోజుకు 274 రూపాయలవుతుంది. మార్కెట్ నష్టపోయిన ఏడాది కూడా కోత ఆగదు.

మార్కెట్ యార్డుకు ధాన్యం తోలిన రైతుకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. బస్తాకు ఇంత అని తరుగు తీస్తే కడుపు మండుతుంది, కానీ అది ఆ ఒక్క అమ్మకంతో సరి. పంట పండినా ఎండినా ఏటా కట్టాల్సిన కౌలు సంగతి వేరు. ఎంట్రీ లోడ్ మొదటి రకం, ఎక్స్‌పెన్స్ రేషియో రెండో రకం.

ఈ రెంటిలో ఏది ఎంత తింటుందో ఒక లెక్క వేసి చూడొచ్చు. లక్ష రూపాయలు ఇరవై ఏళ్లు ఉంచారు, ఖర్చులేవీ తీయకముందు ఏటా 12 శాతం పెరిగింది అనుకుందాం. ఏ కోతా లేకపోతే చివరికి 9 లక్షల 64 వేలు. 2.25 శాతం ఎంట్రీ లోడ్ ఒక్కటే ఉంటే పోయేది 21 వేల చిల్లర, అంటే చివరి మొత్తంలోనూ ఆ రెండూ పావు శాతమే. ‘మొదట్లోనే కోస్తే ఆ డబ్బు మీద చక్రవడ్డీ కూడా పోతుంది కదా’ అని చాలామంది భయపడతారు. రూపాయల్లో పోయే మాట నిజమే. కానీ వాటా పెరగదు: మొదట్లో కోసినా చివర్లో కోసినా అదే నిష్పత్తి.

ఇప్పుడు లోడ్ తీసేసి ఏటా 2 శాతం ఖర్చు పెట్టి చూస్తే చేతికొచ్చేది 6 లక్షల 44 వేలు. 3 లక్షల 20 వేలు, అంటే మూడో వంతు, దారిలోనే రాలిపోయింది. 2.25 అన్న అంకె, 2 అన్న అంకె పక్కపక్కన ఉంటే రెండోదే చిన్నదిగా కనిపిస్తుంది. కానీ రెండోదాని వెనుక ‘ఏటా’ అన్న మాట ఉంది. ఇరవైసార్లు 98 శాతంతో గుణిస్తూ పోతే మిగిలేది 66.8 శాతమే.

అసలు చిక్కుముడి రెండూ ఎదురుబదురుగా నిలబడ్డప్పుడు వస్తుంది. ఒక ఫండ్ ముందుగా 2.25 శాతం కోసి ఏటా 1.2 శాతమే తీస్తుంది. ఇంకోటి ముందు పైసా తీయదు, ఏటా 2 శాతం తీస్తుంది. లోపలున్న షేర్లు రెంటిలోనూ ఒకటే అనుకుంటే, ఏది మేలు? సమాధానం ఎన్నాళ్లు ఉంచుతారన్నదాన్ని బట్టే ఉంటుంది. మొదటి ఏడాది లోడ్ లేనిదే ముందుంటుంది. రెండో ఏడాది చివరికి తేడా చాలావరకు పూడుతుంది. మూడో ఏడాది నిండేసరికి లోడ్ ఉన్నదే పైచేయి. రెండూ సమానమయ్యే ఆ సమయాన్నే బ్రేక్ ఈవెన్ అంటారు. దాన్ని కనుక్కోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. లోడ్ శాతాన్ని ఏటా ఖర్చుల మధ్య ఉన్న తేడాతో భాగిస్తే చాలు. 2.25ను 0.8తో భాగిస్తే 2.8, అంటే సుమారు రెండేళ్ల పది నెలలు. అక్కడి నుంచి దూరం పెరుగుతూనే పోతుంది. ఇరవయ్యో ఏడు చివర లోడ్ కట్టిన మనిషి చేతిలో 7 లక్షల 41 వేలు, కట్టని మనిషి చేతిలో 6 లక్షల 44 వేలు. ముందు రెండు వేల రెండొందలు మిగుల్చుకున్నందుకు 97 వేలు వదులుకున్నట్టు.

ఈ లెక్కలో తమాషా ఏమిటంటే, మార్కెట్ ఎంత పెరుగుతుందన్నది బ్రేక్ ఈవెన్‌ను కదపదు. 12 శాతమైనా, 6 శాతమైనా, పడిపోయినా ఆ వృద్ధి రెండు ఫండ్లకూ ఒకేలా వర్తిస్తుంది కాబట్టి ఎటుపక్కా మొగ్గదు. భవిష్యత్తు తెలియకపోయినా కచ్చితంగా చెప్పగలిగే సంగతులు మదుపులో అరుదు. వాటిలో ఇదొకటి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 2009కి ముందు మన ఫండ్లు లోడ్ తీసుకుని ఏటా ఖర్చు తగ్గించిన దాఖలా లేదు. రెండూ తీసుకున్నాయి. అలాంటి చోట బ్రేక్ ఈవెన్ అనే ప్రశ్నే ఉండదు.

అది ఇప్పటికీ నిజంగా ఎదురయ్యేది అమెరికాలో. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం బ్రోకర్ ద్వారా ఫండ్ కొంటే ఒకే ఫండ్‌కు ఎ క్లాస్, సి క్లాస్ అని రెండు తలుపులు కనిపించవచ్చు. ఎ క్లాస్‌లో ముందు కోత ఎక్కువ, 5.75 శాతం దాకా. పదివేల డాలర్లు ఇస్తే పనిలోకి దిగేది 9,425. సి క్లాస్‌లో ముందు ఏమీ లేదు, కానీ పంపిణీ రుసుము పేరుతో ఏటా ఖర్చు ముప్పావు శాతం దాకా ఎక్కువ. ఎ ఖర్చు 0.65, సి ఖర్చు 1.40 అనుకుంటే రెండూ సమానం కావడానికి దాదాపు ఎనిమిదేళ్లు పడుతుంది. ‘దీర్ఘకాలానికి ఎ క్లాసే మంచిది’ అనే సలహా పుట్టింది ఇక్కడే.

ఆ సలహాను గుడ్డిగా తీసుకోకూడదు. కొన్ని కంపెనీలు ఎనిమిదేళ్లు నిండాక సి క్లాస్ యూనిట్లను వాటంతటవే ఎ క్లాస్‌లోకి మార్చేస్తాయి. పై అంకెలతో చూస్తే ఆ రోజుకు రెంటి మధ్య తేడా వందకు పద్నాలుగు పైసలే. తర్వాత ఖర్చు ఒకటే కాబట్టి అది అలాగే ఉండిపోతుంది. అంటే 5.75 శాతం కట్టి దీర్ఘకాలం ఆగినవాడికి దక్కిన లాభం దాదాపు సున్నా, మధ్యలో డబ్బు అవసరపడి తీసుకుంటే మాత్రం నష్టం అతడిదే. ఇక పెద్ద మొత్తం పెట్టేవాళ్లకు ఎ క్లాస్ లోడ్ మెట్లు మెట్లుగా తగ్గుతుంది. లక్ష డాలర్ల దగ్గర 3.5 శాతం తీసుకునే ఫండ్లున్నాయి. అక్కడ బ్రేక్ ఈవెన్ ఐదేళ్ల లోపే వచ్చేస్తుంది. ప్రాస్పెక్టస్‌లో ఈ మెట్ల పట్టిక ఉంటుంది, చాలామంది చూడరు. మూడో తలుపు కూడా ఉంది: లోడ్ లేకుండా ఏటా 0.1 శాతం లోపే తీసుకునే ఇండెక్స్ ఫండ్. జాన్ బోగుల్ స్థాపించిన వాన్‌గార్డ్ 1977లోనే లోడ్‌లు ఎత్తేసి ఆ దారి పట్టింది. ముందు కోతా లేక, ఏటా ఖర్చూ తక్కువైనప్పుడు ఎ క్లాస్ దాన్ని ఖర్చుల్లో ఎన్నేళ్లకూ అందుకోలేదు.

నెలనెలా సిప్ కట్టేవాళ్లకు లెక్క ఇంకోలా మారుతుంది. లోడ్ ఉన్న ఫండ్‌లో సిప్ అంటే ప్రతి వాయిదాకూ గుమ్మం దగ్గర కోతే. మొదటి నెల కట్టిన డబ్బు రెండేళ్ల పది నెలలకు బయటపడ్డా, నిన్న కట్టిన వాయిదా గడియారం నిన్ననే మొదలైంది. మొత్తం మీద చూస్తే బ్రేక్ ఈవెన్ దాదాపు రెట్టింపవుతుంది. పై ఉదాహరణలో ఐదేళ్ల పైచిలుకు. ఒకేసారి పెట్టే మొత్తానికి చెప్పిన అంకెను సిప్‌కు అతికించి అమ్మితే అది తప్పుడు లెక్క.

ఇప్పుడు మన దగ్గర ముందు కోత అంటూ మిగిలింది 2020 జూలై నుంచి వచ్చిన స్టాంప్ డ్యూటీ. లక్షకు ఐదు రూపాయలు, పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది రెగ్యులర్, డైరెక్ట్ ప్లాన్ల తేడా. 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండ్‌కూ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉండాలన్నారు. ఈక్విటీ ఫండ్లలో రెంటి మధ్య ఏటా 0.8 శాతం తేడా మామూలే. పాత ఎంట్రీ లోడ్ 2.25తో పోలిస్తే, ఇప్పటి రెగ్యులర్ ప్లాన్ కమీషన్ మూడేళ్లు నిండకముందే దాన్ని దాటేస్తుంది. కోపం తెప్పించిన కోత పోయి, కనిపించని తరుగు మిగిలింది. అలాగని పంపిణీదారుకు పని లేదనడం అన్యాయం. 2020 మార్చిలో మార్కెట్ కుప్పకూలినప్పుడు సిప్ ఆపేయబోయిన మనిషిని ఒక్క ఫోన్‌తో ఆపిన ఏజెంటు తన కమీషన్‌కు మించే సంపాదించిపెట్టాడు. ఫోనే చేయని ఏజెంటు విషయంలోనే ఆ 0.8 దండగ.

ఈ తరుగు ఎంత పేరుకుందో చూడ్డానికి కాలిక్యులేటర్ కూడా పెద్దగా అక్కర్లేదు. 2013కి ముందే ఉన్న ఏదైనా ఈక్విటీ ఫండ్‌కు రెగ్యులర్ గ్రోత్, డైరెక్ట్ గ్రోత్ ఎన్‌ఏవీలు పక్కపక్కన పెట్టుకోవాలి. డివిడెండ్ ఇచ్చే ఆప్షన్లు పోలికకు పనికిరావు, మధ్యలో డబ్బు బయటికి వెళ్లి ఉంటుంది. సాధారణంగా రెండు గ్రోత్ ప్లాన్లూ ఆ జనవరి 1న ఒకే అంకె దగ్గర బయలుదేరాయి. షేర్లు అవే, మేనేజరూ అతడే. ఏటా 0.8 తేడా ఉంటే పదమూడేళ్లకు రెగ్యులర్ వంద దగ్గర ఉన్నప్పుడు డైరెక్ట్ 111 దగ్గర ఉంటుంది.