ఒక చెవే వినిపిస్తే క్రాస్ హియరింగ్ ఎయిడ్ కొనాలా? అది చేసేది ఏంటి, చేయలేనిది ఏంటి?

వెనక నుంచి బైక్ హారన్ వినిపిస్తుంది. కానీ బండి ఎడమ వైపు ఉందా, కుడి వైపు ఉందా అన్నది అర్థం కాదు. ఒక చెవి పూర్తిగా వినిపించని వాళ్లకు రోజూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. ఇక్కడ ప్రాబ్లమ్ వాల్యూమ్‌ది కాదు, దిశది.

దిశ ఎలా తెలుస్తుంది?

కుడి వైపు నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది. ఎడమ చెవికి చేరడానికి ఇంకో 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు పడుతుంది. పైగా తల అడ్డుగా ఉంటుంది కాబట్టి స, ష లాంటి హై ఫ్రీక్వెన్సీ శబ్దాలు అటు వైపు తగ్గి వినిపిస్తాయి. మెదడు ఈ రెండు తేడాలను పోల్చి దిశ చెప్పేస్తుంది. ఒక చెవి పోతే పోల్చడానికి రెండో సిగ్నలే ఉండదు.

క్రాస్ ఏం చేస్తుంది?

ఇందులో రెండు పీసులు ఉంటాయి. వినిపించని చెవి దగ్గర పెట్టే పీసులోని మైక్ శబ్దాన్ని అందుకుని, వైర్‌లెస్‌గా మంచి చెవి దగ్గరున్న పీసుకు పంపుతుంది. మంచి చెవిలో కూడా కొంత వినికిడి లోపం ఉంటే బైక్రాస్ వాడతారు. అది ఆ చెవికి వచ్చే శబ్దాన్ని కూడా పెంచుతుంది.

ఎడమ చెవి వినిపించని వ్యక్తి హోటల్‌లో కూర్చున్నాడు అనుకుందాం. ఫ్రెండ్ ఎడమ వైపు కూర్చుని మాట్లాడితే క్రాస్ బాగా పనికొస్తుంది, ప్రతిసారీ తల తిప్పక్కర్లేదు. అదే ఫ్రెండ్ కుడి వైపు ఉండి, కిచెన్ గోల ఎడమ నుంచి వస్తుంటే సీన్ రివర్స్. ఆ గోలను క్రాస్ తెచ్చి మంచి చెవిలోనే పోస్తుంది. అప్పుడు ఎడమ మైక్ ఆపేయడమే బెటర్.

మరి హారన్ సంగతి? క్రాస్‌తో అది సాల్వ్ కాదు. రెండు వైపుల శబ్దాలూ చివరికి ఒకే చెవిలోకి వెళ్తాయి. ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ కండక్షన్ పరికరాలకూ ఇదే లిమిట్.

ఇంకో దారి

వినిపించని చెవి నుంచే మెదడుకు సిగ్నల్ పంపేది కాక్లియర్ ఇంప్లాంట్. ఒక చెవి చెవుడుకు దీన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2019లో ఆమోదించింది. దీంతో దిశ తెలుసుకోవడం చాలామందికి మెరుగవుతుంది, కానీ మామూలు చెవులంత కాదు. సర్జరీ కావాలి, వినికిడి నరం పనిచేస్తూ ఉండాలి. చెవుడు వచ్చి చాలా ఏళ్లయితే ఫలితం తగ్గొచ్చు.

కాబట్టి క్రాస్ కొనే ముందు ట్రయల్ అడగండి. రూమ్‌లో కాదు, గోలగా ఉన్న చోట రెండు వైపులా టెస్ట్ చేయండి. ఫోన్‌లో యాక్సెసిబిలిటీలోని మోనో ఆడియో ఆన్ చేస్తే స్టీరియోలో రెండు ఛానెల్స్ కూడా మంచి చెవికి వస్తాయి.

ఒక్క హెచ్చరిక: ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే, గుబిలి అనుకుని ఆగొద్దు. వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. స్టెరాయిడ్ చికిత్స మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.