రెండు బటన్లు, రెండు ఫలితాలు

ఫోన్‌లో చోటు లేదనగానే చాలామంది సెట్టింగ్స్‌లో వాట్సాప్ తెరిచి, స్టోరేజ్‌లోకి వెళ్తారు. అక్కడ రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి.

Clear cache నొక్కితే పోయేవి యాప్ తన సౌకర్యానికి దాచుకున్న తాత్కాలిక ఫైళ్లే. చాట్లు, లాగిన్ అలాగే ఉంటాయి. కాకపోతే వాడేకొద్దీ కాష్ మళ్లీ పేరుకుంటుంది, ఖాళీ అయిన చోటు ఎన్నాళ్లో నిలవదు.

Clear storage సంగతి వేరు. కొన్ని ఫోన్లలో దీని పేరు Clear data. ఇది చాట్ల డేటాబేస్‌నే తుడిచేస్తుంది. యాప్ కొత్తగా వేసినట్టు మళ్లీ నంబరు, ఓటీపీ అడుగుతుంది.

గూగుల్ ఖాతాలో తెల్లవారుజామున బ్యాకప్ అయి, సాయంత్రం ఈ బటన్ నొక్కారనుకుందాం. నిన్నటి చాట్లు తిరిగొస్తాయి, ఆ పగలు వచ్చిన మెసేజ్‌లు మాత్రం రావు. నొక్కేముందు వాట్సాప్‌లో చివరి బ్యాకప్ తేదీ చూసుకోండి.